ఆడిట్ నివేదికలో ‘నిర్లక్ష్యం’ అని రాయకూడదా?

కొత్త ఆడిటర్, జీడిమెట్ల:
మందుల కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తున్నాను. అంతర్గత ఆడిట్‌లో డిస్పెన్సింగ్ గది పీడన వ్యత్యాసం రిజిస్టరు చూశాను. రెండు గంటలకొకసారి రీడింగు రాయాలి. నేను చూసింది ఉదయం 11:10కి. అప్పటికే మధ్యాహ్నం 12 గంటల గడిలోనూ, 2 గంటల గడిలోనూ 12 పాస్కల్ అని రాసి సంతకం కూడా పెట్టి ఉంది. నేను రాసిన వాక్యం ఇది: “డిస్పెన్సింగ్ సిబ్బంది నిర్లక్ష్యంతో, నియమాలను లెక్కచేయకుండా రిజిస్టరును తరచుగా తప్పుడు రీడింగులతో నింపుతున్నారు.” ఇది ఆరోపణలా ఉందని, తటస్థంగా తిరగరాయమని మా మేనేజర్ వెనక్కి పంపారు. కళ్లెదుట కనబడిన తప్పును మెత్తగా రాయడమంటే కప్పిపుచ్చడం కాదా?

ప్రొడక్షన్ మనిషి, బొల్లారం:
మీ మేనేజర్ చెప్పిందే సరైనది. షాప్ ఫ్లోర్‌లో పనిచేసేవాళ్లం ఇలాంటి మాటలు చదివితే ఆ తర్వాత ఆడిటర్‌కు ఒక్క కాగితం కూడా మనసారా చూపించం. “కొన్ని రికార్డులలో సకాలంలో నమోదు విషయమై మెరుగుదలకు అవకాశం గమనించడమైనది” అని రాస్తే సరిపోతుంది. ఎవరినీ నొప్పించదు, విషయమూ చేరుతుంది.

పాత ఆడిటర్, సనత్‌నగర్:
విశేషణాలు తీసేయాలన్నంతవరకు బొల్లారం మిత్రుడి మాట నిజం. కానీ ఆయన ఇచ్చిన వాక్యంలో విషయం ఎక్కడుంది? ఏ గది, ఏ పుట, ఎన్ని గంటలకు? ‘కొన్ని’ అన్నది తటస్థమైన మాట కాదు, అస్పష్టమైన మాట. ఆ వాక్యం చదివిన డైరెక్టర్‌కు 2 గంటల రీడింగు 11 గంటలకే రాసి ఉందని ఎప్పటికీ తెలియదు. అదే అసలైన కప్పిపుచ్చడం.

ఇక జీడిమెట్ల మిత్రమా, మీ వాక్యాన్ని ముక్కలు చేసి చూడండి. నిర్లక్ష్యం మీరు చూశారా? మీరు చూసింది ఒక పుటను. ‘సిబ్బంది’ అంటే అందరూ. ఆ పుట మీద ఉన్నది ఒకరి సంతకం. ‘తరచుగా’ అన్నారు, చూసింది ఒక రోజు. ‘తప్పుడు రీడింగు’ అన్నారు, 2 గంటలకు గేజ్ నిజంగానే 12 చూపించి ఉండవచ్చు. ప్రొడక్షన్ హెడ్ ఈ నాలుగు మాటల్లో ఏ ఒక్కదాన్ని పట్టుకున్నా ముగింపు సమావేశమంతా దాని మీదే గడిచిపోతుంది, అసలు సంగతి పక్కకు పోతుంది.

నేనైతే ఇలా రాస్తాను: “ఆడిట్ రోజు ఉదయం 11:10కి డిస్పెన్సింగ్ గది పీడన వ్యత్యాసం రిజిస్టరు పరిశీలించగా, మధ్యాహ్నం 12, 2 గంటల గడులలో 12 పాస్కల్ రీడింగు, సంతకం నమోదై ఉన్నాయి. రీడింగు తీసుకున్న వెంటనే నమోదు చేయాలని ఈ పనికి సంబంధించిన ఎస్ఓపీ చెబుతోంది. ఆ పుట నకలు జతపరచడమైనది.” ఎస్ఓపీ నంబరు, క్లాజు నంబరు, పుట నంబరు మీరు చేర్చండి. ఇందులో ఒక్క కఠినమైన మాట లేదు. అయినా కాదనడానికి ఎవరికీ దారి లేదు, ఎందుకంటే ఆ సమయం ఇంకా రాలేదు కదా.

ఒక ముఖ్యమైన ప్రశ్న. నకలు అప్పుడే తీశారా? మధ్యాహ్నం 2 దాటితే ఆ పుట నిక్షేపంగా కనిపిస్తుంది. 11:10 అని సమయం వేసి, అక్కడి సూపర్‌వైజర్ సంతకం తీసుకున్న నకలు ఒక్కటే మీ ఆధారం.

కూకట్‌పల్లి కోశాధికారి:
మా అపార్ట్‌మెంట్ సంఘం లెక్కల్లో కూడా ఇదే జరిగింది. నీళ్ల ట్యాంకర్ల రసీదులు కొన్ని దొరకలేదని, ‘నిధులు దుర్వినియోగం’ అని ఆడిటర్ రాశారు. నేను రాజీనామా చేశాను. ఆయన మీద పరువునష్టం కేసు వేయవచ్చా?

పాత ఆడిటర్, సనత్‌నగర్:
కోశాధికారి గారూ, కేసు సంగతి న్యాయవాదిని అడగండి. ఇక్కడి చర్చ నివేదిక ఎలా రాయాలన్నది. ‘ఫలానా తేదీల ట్యాంకర్ చెల్లింపులకు రసీదులు చూపలేదు’ అని ఆయన రాసి ఉంటే, మీరు ట్యాంకర్ యజమాని దగ్గర నకళ్లు తెచ్చి ఇవ్వగలిగేవారేమో. ‘దుర్వినియోగం’ అన్నాక మీరు ఏ కాగితం తెచ్చి ఇవ్వగలరు?

పటాన్‌చెరు వాసి:
నేను ఒప్పుకోను. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాళ్లు తనిఖీ తర్వాత ఇచ్చే 483 ఫారంలో విఫలమయ్యారు అనే ధోరణి మాటలు ఎన్నిసార్లు చదవలేదు? వాళ్లు రాయగా లేనిది మనకెందుకు ఈ సుకుమారం? నా అనుభవంలో తటస్థంగా రాసిన ప్రతి అంశమూ ‘ఆపరేటర్‌కు మళ్లీ శిక్షణ ఇచ్చాం’ అనే ఒక్క వాక్యంతో మూతపడింది. ఘాటుగా రాస్తేనే పైవాళ్లు చదువుతారు.

పాత ఆడిటర్, సనత్‌నగర్:
483లో ఆ మాట ఒక్కటే ఉండదు. దాని కింద ‘ప్రత్యేకించి’ అంటూ ఏ యంత్రం, ఏ బ్యాచ్, ఏ రికార్డు అన్న వివరాలు వస్తాయి. విఫలమైంది ఒక నిర్దిష్టమైన పని చేయడంలో. మనిషి స్వభావం గురించి అక్కడ ఏమీ ఉండదు. పైగా ఇవి పరిశీలనలే, సంస్థ తుది నిర్ణయం కావని ఆ ఫారం మీదే ఉంటుంది.

శిక్షణతో మూతపడటం గురించి మీరు చెప్పింది నిజమే, నాకూ దాని మీద కోపం ఉంది. కానీ కారణం మీరనుకున్నది కాదు. ‘నిర్లక్ష్యం’ అని ఆడిటరే రాస్తే, మూలకారణం ఆడిటరే చెప్పేసినట్టు. నిర్లక్ష్యానికి మందు శిక్షణే అని వాళ్లు రాసుకుంటారు, క్యాపా అనే దిద్దుబాటు, నివారణ చర్య అక్కడితో ముగుస్తుంది. వాస్తవం మాత్రమే రాస్తే ‘ఎందుకు ముందే రాశారు’ అన్న ప్రశ్నకు వాళ్లే జవాబు వెతకాలి. అప్పుడు ఒకే ఆపరేటర్ మూడు గదులు చూస్తున్నాడనో, డిస్పెన్సింగ్ మధ్యలో గౌను మార్చుకుని బయటికొచ్చి గేజ్ చూడటం కుదరడం లేదనో బయటపడవచ్చు. ఇక తీవ్రత చెప్పడానికి క్రిటికల్, మేజర్ అనే వర్గీకరణ ఉంది. ఈ అంశాన్ని మేజర్‌గా పెట్టి పట్టు విడవకండి. ఘాటు అక్కడ చూపించాలి.

కొత్త ఆడిటర్, జీడిమెట్ల:
నకలు అప్పుడే తీశాను, సూపర్‌వైజర్ సంతకం ఉంది. ‘తరచుగా’ అన్న మాట నన్ను ఇబ్బంది పెట్టింది. అందుకని ఈ రోజు తలుపు కార్డు రికార్డులు తెప్పించాను. పాత పుటలు చూస్తే ముందే రాశారో లేదో తెలియదు కదా. 10 రోజుల పుటలు పోల్చాను. 3 రోజుల్లో రీడింగు సమయానికి అరగంట ముందు నుంచి అరగంట తర్వాత వరకు, సంతకం చేసిన వ్యక్తి కార్డు ఆ ప్రాంతం తలుపు దగ్గర నమోదు కాలేదు. దీన్ని చేర్చవచ్చా?

పాత ఆడిటర్, సనత్‌నగర్:
మంచి పని చేశారు. చేర్చండి, కానీ వేరే వాక్యంగా. ‘చూసిన 10 రోజులలో 3 రోజులు కార్డు నమోదు లేదు’ అని మాత్రమే. ‘గదిలో లేరు’ అని రాయకండి. ఒకరు కార్డు పెడితే ఆ వెనకే ఇంకొకరు లోపలికి వెళ్లడం ప్రతి ప్లాంటులోనూ ఉంది. అంతకుముందే లోపలికి వెళ్లి అక్కడే ఉండిపోయి ఉండవచ్చు కూడా.

ప్రొడక్షన్ మనిషి, బొల్లారం:
ఈ వాక్యాలు నాకు సమ్మతమే. కానీ సంతకం ఎవరిదో పేరు రాస్తే మళ్లీ ఆరోపణే అవుతుంది. ‘ఆ షిఫ్టు ఆపరేటర్’ అని రాయండి.

పటాన్‌చెరు వాసి:
నకలు మీద సంతకం కనబడుతూనే ఉంటే పేరు దాచి ఏం లాభం? డేటా విశ్వసనీయతకు సంబంధించిన విషయంలో ఆ వ్యక్తి సంతకం చేసిన మిగతా బ్యాచ్ రికార్డులు కూడా చూడాలి కదా. పేరు లేకపోతే ఆ పని ఎవరు మొదలుపెడతారు?

పాత ఆడిటర్, సనత్‌నగర్:
నివేదికలో హోదా, విచారణ ఫైలులో పేరు. నేను పాటించేది అదే. కానీ పటాన్‌చెరు మిత్రుడి భయం కొట్టిపారేయలేను. విచారణ అసలు మొదలుకాని చోట్ల పేరు ఆ నకలులోనే ఉండిపోయిన సందర్భాలు చూశాను.

కొత్త ఆడిటర్, జీడిమెట్ల:
హోదా రాసి, ఆ సంతకం ఉన్న మిగతా రికార్డులు చూడాలని విడిగా విచారణ కోరుతూ క్వాలిటీ హెడ్‌కు ఉత్తరం పెడుతున్నాను. మేజర్‌గా వర్గీకరించడానికి మా మేనేజర్ ఇంకా ఒప్పుకోలేదు.