గుండెపోటు వస్తే దగ్గమనే మెసేజ్: గ్రూపులో పెట్టాలా, ఆపాలా?

ఫ్యామిలీ గ్రూపులో పెట్టమని మా పెద్దమ్మ నాకొక మెసేజ్ పంపింది. ఒంటరిగా ఉన్నప్పుడు గుండెపోటు వస్తే గట్టిగా దగ్గుతూ ఉండాలట, ప్రాణం నిలుస్తుందట. పైన రెండు బాణాల గుర్తు ఉంది, అంటే చాలా చేతులు మారి వచ్చింది. "ప్రముఖ డాక్టర్ చెప్పారు" అంటుంది గానీ పేరు లేదు, తేదీ లేదు.

వెతికితే, అమెరికన్ హార్ట్ అసోసియేషన్ దీన్ని జనానికి సిఫారసు చేయదని తెలిసింది. కాకపోతే ఆసుపత్రిలో, మానిటర్ మీద ఉన్న పేషెంటుకి గుండె లయ తప్పితే ఒక్కోసారి డాక్టర్లే దగ్గమంటారట. ఆ ముక్కే నన్ను తికమక పెడుతోంది. దగ్గుతూ కూర్చుని అంబులెన్సుకి ఫోన్ చేయడం ఆలస్యం చేస్తారేమోనని నా టెన్షన్.

ఇలా సగం నిజం కలిసిన మెసేజ్‌ని మీరెలా తేల్చుకుంటారు? పెద్దమ్మ నొచ్చుకోకుండా ఏమని చెప్పాలి?