సంఘం మీటింగ్‌లో పెన్షన్ పొదుపు గురించి ఎలా చెప్పాలి?

పరకాల వీఓఏ: శనివారం మా మహిళా సంఘం మీటింగ్‌లో అటల్ పెన్షన్ గురించి పావుగంట మాట్లాడమన్నారు. ఎక్కువమంది పత్తి ఏరడానికి పోయేవాళ్లే. మీ దగ్గర ఎలా చెప్పారు?

బ్యాంకు మిత్ర, హన్మకొండ: ఒక్క మనిషి లెక్క చెప్పండి చాలు. 35 ఏళ్లామె నెలకు 543 రూపాయలు కడితే 60 దాటాక నెలకు 3000 వస్తుంది. ఆమె తర్వాత భర్తకు అంతే, ఇద్దరూ పోయాక నామినీకి 5 లక్షల 10 వేలు. అదే పెన్షన్‌కు 30 ఏళ్లామె 347 కడుతుంది. ఈ రెండు అంకెలూ బోర్డు మీద పక్కపక్కన రాస్తే మిగతాది వాళ్లే అడుగుతారు.

బీడీ అక్క, కోరుట్ల: మా అత్తమ్మకు 66. ఆసరా ఆగిపోయింది. ఇందులో చేరిస్తే వస్తుందా?

బ్యాంకు మిత్ర, హన్మకొండ: రాదక్కా, అది వేరు. ఇందులో 18 నుంచి 40 లోపు వాళ్లనే తీసుకుంటారు. ఆసరా కోసం మండలాఫీసులో అడగండి.

నర్సంపేట లీడర్: జాగ్రత్త. ఒక్క తేదీ తప్పినా ఫైన్ వేస్తారు, మధ్యలో మానేస్తే పైసా రాదు.

బ్యాంకు మిత్ర, హన్మకొండ: ఫైన్ మాట సగం నిజం. నెలవారీ అయితే ఆ నెలలో ఏ రోజు ఖాతాలో డబ్బున్నా కట్ అవుతుంది. నెల దాటితే నూరుకు నెలకు రూపాయి చొప్పున పడుతుంది. మానేస్తే తన డబ్బు, దాని మీద వచ్చింది, ఖర్చులు పోను ఇస్తారు. అసలు చిక్కు వేరే. మా ఊళ్లో ఒకామె ఖాతాలో నాలుగు నెలలు డబ్బు లేదు. పత్తి పైసలు పడ్డ రోజే 2172, పైన ఆలస్యపు చార్జీ, ఒకేసారి పోయాయి. దొంగతనం అనుకుని బ్యాంకులో కూర్చుంది!

పరకాల వీఓఏ: సంఘం ఖాతా నుంచే కట్ చేయించొచ్చా?

బ్యాంకు మిత్ర, హన్మకొండ: వద్దు, ఎవరి సేవింగ్స్ ఖాతా వాళ్లదే. పొదుపు రోజునే ఎవరిది వాళ్ల ఖాతాలో వేసుకుంటే మరిచిపోరు. పత్తి వాళ్లు ఆరు నెలలకోసారి కట్టడం ఎంచుకోవచ్చు.

నర్సంపేట లీడర్: డిసెంబర్‌లో చేరితే రెండోది జూన్‌లో పడుతుంది కదా. విత్తనాలకే అప్పు తెచ్చే నెల అది!

బ్యాంకు మిత్ర, హన్మకొండ: అదీ నిజమే. దానికి నా దగ్గర మంచి జవాబు లేదు. సంక్రాంతికే జూన్ వాటా పక్కన పెట్టమంటాను, ఎంతమంది పెడతారో!

బీడీ అక్క, కోరుట్ల: మాకు కూలి వారానికి వస్తుంది, నెలవారీయే నయం. కానీ 25 ఏళ్ల తర్వాత మూడు వేలకు ఏమొస్తుంది?

పరకాల వీఓఏ: మా వాళ్లూ ఇదే అడుగుతారు. మందు గోలీలకైనా వస్తుందిలే అని చెప్తా. 42 ఏళ్ల ఇద్దరికి మాత్రం పోస్టాఫీసు ఆర్‌డీ గురించి చెప్పాలి, నెలకు నూరుతో మొదలవుతుంది.