కెప్టెన్ వయసు లెక్క: విమర్శనాత్మక ఆలోచనకు మార్కులు వేయడం ఎలా? (చర్చ)

నాలుగో తరగతి టీచరు
ఒక ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, కెప్టెన్ వయసెంత? 1980 ప్రాంతంలో ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో ఈ లెక్క ఇస్తే, 97 మంది పిల్లలలో 76 మంది ఆ అంకెలతోనే ఏదో ఒక వయసు తేల్చారు. నేను మా తరగతికి ఇస్తే ఎక్కువ మంది 36 అని రాశారు. వీరికి విమర్శనాత్మకంగా ఆలోచించడం రాదని నిర్ణయించవచ్చా?

పలక బలపం
నా దృష్టిలో విమర్శనాత్మక ఆలోచన అంటే ఎదురు ప్రశ్న వేయడమే. ఎవరు ఎన్ని ప్రశ్నలు అడిగారో లెక్కపెట్టి మార్కులు వేస్తే సరిపోతుంది.

విశ్రాంత ఉపాధ్యాయుడు
ప్రశ్న అడగడం అందులో ఒక భాగమే, మాస్టారూ. ఏది నమ్మాలో, ఏం చేయాలో కారణాలు చూసుకుని నిర్ణయించుకోవడమే విమర్శనాత్మక ఆలోచన అని అమెరికా విద్యా తత్త్వవేత్త రాబర్ట్ ఎన్నిస్ నిర్వచించారు. తొమ్మిదేళ్ల పిల్లవాడి విషయంలో అది, తన దగ్గరున్న సమాచారం తాను చెప్పే జవాబుకు చాలుతుందా అని చూసుకోవడం.

ఇక టీచర్ గారూ, 36 అని రాసిన పిల్లలు దాన్ని నిజంగా నమ్మారని చెప్పలేం. టీచరు ఇచ్చిన లెక్కకు జవాబు ఉండి తీరుతుందని వారికి బడిలోనే అలవాటైంది. అలాగని వరుసగా చిక్కు లెక్కలే ఇస్తే, ఆలోచించకుండానే «చెప్పలేం» అని రాయడం నేర్చుకుంటారు. అందువల్ల జవాబు వచ్చే లెక్క, సమాచారం చాలని లెక్క, అనవసరమైన అంకె ఉన్న లెక్క కలిపి ఇవ్వండి. చాలని లెక్కలో అంకెలు కలిపేస్తే సున్నా, చెప్పలేమంటే ఒకటి, ఇంకా ఏం తెలియాలో చెప్తే రెండు మార్కులు వేయండి.

ఇద్దరు పిల్లల అమ్మ
మా బాబు లెక్కలు చాలా వేగంగా చేస్తాడు. అబాకస్ క్లాసులో చేర్పిస్తే ఈ నైపుణ్యం కూడా వస్తుందా అండీ?

విశ్రాంత ఉపాధ్యాయుడు
అబాకస్‌తో గణన వేగం పెరుగుతుందమ్మా. ఇక్కడ మనం చూస్తున్నది, లెక్క మొదలుపెట్టే ముందు బాబు ఆగుతాడా అన్నది.

నాలుగో తరగతి టీచరు
మీరు చెప్పినట్లు మూడు రకాలూ కలిపి ఇచ్చాను. ఒక పాప మూడింటికీ «చెప్పలేం» అని రాసింది. జవాబు వచ్చే లెక్క పక్కన లేకపోతే ఆ పాపకు పూర్తి అవగాహన ఉందనుకునేదాన్ని. ఇంకొక బాబు కాగితం మీద ఏమీ రాయలేదు గానీ, పిలిచి అడిగితే «కెప్టెన్ ఎప్పుడు పుట్టాడో చెప్పండి» అన్నాడు. రాత రాని పిల్లల ఆలోచన కాగితం పరీక్షకు అందదని అప్పుడు అర్థమైంది. అయితే 34 మందినీ విడివిడిగా అడగడానికి నాకు రెండు రోజుల పీరియడ్లు పట్టాయి.

ఒక జవాబుకు మాత్రం మార్కు వేయలేకపోయాను. «36. ప్రతి పుట్టినరోజుకూ ఒక జంతువును కొన్నాడు» అని ఒక పాప రాసింది.

పలక బలపం
కారణం చెప్పింది కాబట్టి రెండు మార్కులు వేయండి.

విశ్రాంత ఉపాధ్యాయుడు
నేనైతే వేయను. ఆ కారణం లెక్కలో లేదు, జవాబును నిలబెట్టడానికి తరువాత అల్లింది. అయినా అది తన ఊహేనని ఆ పాపకు తెలుసా అని ఒకసారి అడగండి. తెలిస్తే నా అభిప్రాయం మారవచ్చు.