ఏడున్నర నెలల బాబుకి మూడు రోజులుగా నీళ్ల విరేచనాలు. పళ్లొస్తున్నాయని ఊరుకోవచ్చా?

చిన్నుగాడి అమ్మ, జగిత్యాల
మా బాబుకి ఏడున్నర నెలలు, బరువు 8 కిలోలు. కింది చిగురు మీద తెల్లగా రెండు చుక్కలు కనిపిస్తున్నాయి, వేలు పెడితే గరుకుగా తగులుతున్నాయి. వారం నుంచి చొంగ ఒకటే కారుతోంది, జుబ్బా గంటకొకటి మార్చాల్సి వస్తోంది. దొరికిందల్లా నోట్లో పెట్టి కొరుకుతున్నాడు. ఇంతవరకు నాకేం భయం లేదు. కానీ మొన్నటి నుంచి రోజుకి ఆరేడు సార్లు నీళ్లలాగా వెళ్తున్నాడు. నిన్న సాయంత్రం చంకలో థర్మామీటర్ పెడితే 101 చూపించింది. మా అత్తమ్మ "పళ్లొచ్చేటప్పుడు అందరికీ అంతే, మీ ఆయనకి నెల రోజులు పోయినయి, మందులేసి ఆపొద్దు" అంటోంది. ఆమె మీద నాకేం కోపం లేదు, రెండు రాత్రులుగా వాణ్ణి భుజానేసుకొని తిప్పుతోంది ఆమే. ఇంకో రెండు రోజులు చూద్దామా, ఇవాళే చూపించాలా?

లాస్యవాళ్ల నాన్న
మా పాపకీ అచ్చం ఇలాగేనండీ. పళ్లప్పుడు చొంగ అంతా మింగేస్తారు కదా, అది పొట్టలోకి వెళ్లి మోషన్ పల్చబడుతుంది. కంగారు పడకండి. ఓఆర్ఎస్ తాగిస్తూ ఉండండి, పన్ను పైకి రాగానే అదే తగ్గిపోతుంది.

పిల్లల వార్డు సిస్టర్
అమ్మా, నేను ముప్పై ఏళ్లు పిల్లల వార్డులో నర్సుగా చేసి రిటైరయ్యాను. ముందు నాలుగు మాటలు చెప్పు. పొద్దుట్నుంచి ఎన్నిసార్లు ఉచ్చ పోశాడు? పాలు ఎప్పటిలాగే తాగుతున్నాడా? కళ్లు లోపలికి పోయినట్టున్నాయా? మాడు మీద చెయ్యి పెడితే గుంటలా తగులుతోందా? విరేచనంలో రక్తం, జిగట ఏమైనా ఉన్నాయా? ఓఆర్ఎస్ ఇస్తుంటే ఏ ప్యాకెట్, ఎన్ని నీళ్లలో కలిపావు?

చిన్నుగాడి అమ్మ, జగిత్యాల
పొద్దున ఏడింటికి ఒకసారి, పదింటికి కొంచెం పోశాడు. ఇప్పుడు మూడవుతోంది, డైపర్ పొడిగానే ఉంది సిస్టర్. పాలు తాగుతున్నాడు, ఇంకా ఎక్కువే అడుగుతున్నాడు. రక్తం లేదు. కళ్లు కొంచెం నీరసంగా ఉన్నాయి. మాడు నాకు సరిగా తెలియడం లేదు. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ తెచ్చాను, గ్లాసు నీళ్లలో సగం పొడి వేసి కలిపాను. రెండు చెంచాలు తాగి మొహం తిప్పేశాడు.

పిల్లల వార్డు సిస్టర్
ఆ గ్లాసు పారబొయ్యి తల్లీ, ముందు ఆ పని చెయ్యి. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్లకి. సగం పొడి గ్లాసులో వేస్తే ఉప్పు రెండింతలు దాటిపోతుంది, ఒంట్లో నీరు నిలబెట్టాల్సిన మందే ఎదురు తిరుగుతుంది. వాడు మొహం తిప్పింది కూడా ఆ ఉప్పుకే. కాచి చల్లార్చిన నీళ్లు లీటరు కొలిచి ప్యాకెట్ అంతా ఒకేసారి కలుపు. చిన్న ప్యాకెట్లు కూడా దొరుకుతాయి, అవి 200 మిల్లీలీటర్లకి. ఎంత నీరో ప్యాకెట్ మీదే రాసుంటుంది. కలిపింది 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలపాలి. విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంటే చిన్న టీ గ్లాసుడు, చెంచాతో మెల్లగా పట్టు. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టు. నీ పాలు మాత్రం ఆపకు.

పొట్ట మీద చర్మం రెండు వేళ్లతో గిల్లి వదిలి చూడు. వెంటనే సర్దుకోవాలి. మెల్లగా సర్దుకుంటే నీరు తగ్గిపోయినట్టే. పదింటి నుంచి ఉచ్చ లేదన్నావు, పాలు ఎక్కువ అడుగుతున్నాడన్నావు. అది ఆకలి కాదమ్మా, దాహం. ఈ విరేచనాలకీ పళ్లకీ సంబంధం లేదు. రేపటిదాకా ఆగొద్దు, ఈ సాయంత్రమే డాక్టర్‌కి చూపించు. దారిలో కూడా చెంచాతో పడుతూనే ఉండు. మత్తుగా పడుకొని లేపినా లేవకపోయినా, తాగడం మానేసినా, రక్తం పడినా సాయంత్రం అనుకోకుండా అప్పటికప్పుడు బయల్దేరు.

లాస్యవాళ్ల నాన్న
సిస్టర్ గారూ, అడ్డం వస్తున్నాననుకోకండి. మా పాపకి మోషన్, పన్ను రెండూ ఒకే వారంలో వచ్చాయి, కళ్లారా చూశాను. సంబంధం లేదంటే ఎలా నమ్మాలి?

పిల్లల వార్డు సిస్టర్
మీరు చూసింది అబద్ధం కాదు నాయనా. రెండూ ఒకే వారంలో వస్తాయి, దాని వెనక కారణం వేరే ఉంది. తల్లి దగ్గర్నుంచి వచ్చిన రోగనిరోధక శక్తి ఆరో నెల నాటికి తగ్గిపోతుంది. సరిగ్గా అప్పుడే పిల్లాడు పాకడం మొదలుపెడతాడు, నేల మీద పడ్డ గిలక, చెప్పు, చాప అంచు అన్నీ నోట్లోకే. సరిగ్గా అప్పుడే మనం ఉగ్గు, రాగి జావ మొదలుపెడతాం. ఆ గిన్నె, ఆ చెంచా, ఆ నీళ్లు అన్నీ కొత్త. మొదటి పన్ను కూడా అదే వయసులో వస్తుంది. మొదటి పన్ను ఆరో నెలలో మొదలై, 20 పాల పళ్లు పూర్తయ్యేసరికి రెండున్నర, మూడేళ్లవుతుంది. ఈ మధ్యలో ఏ జబ్బు వచ్చినా ఏదో ఒక పన్ను దగ్గరలోనే ఉంటుంది. మరి నేరమంతా పన్ను మీదే పడుతుంది.

చొంగ వల్ల మోషన్ కాస్త పల్చబడుతుందా అంటే, రోజుకి ఒకటి రెండు పల్చగా వెళ్లి పిల్లాడు హుషారుగా ఉంటే నేను వాదించను. ఆరేడు సార్లు నీళ్లలా వెళ్తే మాత్రం అది పన్ను పని కాదు.

మేనమామ, తెనాలి
అందరికీ నమస్కారం. మా చెల్లెలి కూతురికి పై పళ్లు ముందొచ్చాయి. మేనమామకి గండం అంటున్నారు, ఇంట్లో పెద్దగొడవైంది. శాంతి చేయించాలా? ఇంకోటి, మా వాడికి 13 నెలలు, ఒక్క పన్ను లేదు. కాల్షియం టానిక్ వాడొచ్చా?

పిల్లల వార్డు సిస్టర్
ఎక్కువమందికి కింద మధ్య రెండు ముందొస్తాయి. కొందరికి పైవి ముందొస్తాయి, అది ఆ బిడ్డ తీరు, దానికీ మేనమామకీ ముడి లేదు. 13 నెలలకి పన్ను రాకపోతే టానిక్ కొనే ముందు పిల్లల డాక్టర్‌కో, పళ్ల డాక్టర్‌కో ఒకసారి చూపించండి. ఇంట్లో ఎవరికైనా చిన్నప్పుడు ఆలస్యంగా వచ్చాయేమో అడగండి, చాలాసార్లు అలాగే వస్తుంది.

ఇద్దరు ఆడపిల్లల తల్లి, డాలస్
జ్వరం గురించి నా మాట ఒకటి. మా చిన్నదానికి ఎనిమిదో నెలలో 102 జ్వరం. జలుబు లేదు, దగ్గు లేదు, మోషన్స్ లేవు. చిగురు ఉబ్బి ఉంది. ఇండియా నుంచి అమ్మ వీడియోలో చూసి "పళ్ల జ్వరమే, దిగిపోతుంది" అంది. నాకూ అలాగే అనిపించింది. మూడు రోజులు పారాసిటమాల్ వేస్తూ గడిపాను. నాలుగో రోజు డాక్టర్ ఏ కారణం కనపడటం లేదని యూరిన్ తీయించారు. యూరిన్ ఇన్ఫెక్షన్. యాంటీబయాటిక్ మొదలుపెట్టిన రెండో రోజుకి జ్వరం పోయింది. పన్ను ఆ తర్వాత మూడు వారాలకు గానీ రాలేదు. ఆ మూడు రోజులు తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఆ డాక్టర్ చెప్పిన గుర్తు ఇది: పళ్లప్పుడు ఒళ్లు కాస్త వెచ్చబడొచ్చు, కానీ 100.4 దాటితే అది జ్వరం, కారణం వెతకాల్సిందే. ఇంకో సంగతి, పళ్ల చిరాకు పన్ను బయటపడటానికి మూడు నాలుగు రోజుల ముందు మొదలై, వచ్చాక ఇంకో మూడు రోజులు ఉంటుంది. నెలల తరబడి "పళ్ల వల్లే" అంటే నమ్మొద్దన్నారు.

ఫార్మసీ కుర్రాడు
మెడికల్ షాపులో పనిచేస్తాను. చిగుళ్లకి రాసే జెల్ అడిగేవాళ్లు వారానికి ఇద్దరు ముగ్గురైనా వస్తారు. రెండేళ్ల లోపు పిల్లలకి తిమ్మిరెక్కించే జెల్ నేనైతే ఇవ్వను. అందులో బెంజోకైన్ అనే మందు ఉంటే రక్తం ఆక్సిజన్ మోయలేని పరిస్థితి రావచ్చు, పెదాలు నీలంగా మారతాయి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో రెండేళ్ల లోపు పిల్లలకి వద్దని గట్టిగా చెప్పింది. కొన్ని జెల్స్‌లో ఉండే లిడోకైన్ పిల్లాడు మింగితే ఫిట్స్ రావచ్చు, గుండెకీ ప్రమాదం. పైగా చొంగ కారే నోట్లో జెల్ ఎంతసేపు నిలుస్తుంది?

పారాసిటమాల్ దగ్గర కూడా జాగ్రత్త. డ్రాప్స్‌లో ఒక మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాములు ఉంటుంది. సిరప్‌లో చాలా రకాల్లో 5 మిల్లీలీటర్లకి 125 లేదా 250. సిరప్ అలవాటుతో డ్రాప్స్ చెంచా నిండా పోస్తే నాలుగైదు రెట్లు పడిపోతుంది. సీసా చూసి, బరువు చెప్పి, ఎంతో రాయించుకోండి.

కాకినాడ అమ్మమ్మ
మా ఇంట్లో వస అరగదీసి చిగుళ్లకి రాసేవాళ్లం. పిల్లలు హాయిగా పడుకునేవాళ్లు. దాన్నీ తప్పంటారా?

పిల్లల వార్డు సిస్టర్
తప్పనే అంటాను అమ్మమ్మగారూ. వస పెట్టాక మత్తుగా పడిపోయి, వాంతులతో వార్డుకి వచ్చిన పసివాళ్లని చూశాను. హాయిగా నిద్రపోయాడనుకున్నది అన్నిసార్లూ హాయి కాదు. తేనె రాయడం కూడా ఏడాది లోపు వద్దు.

చిగురు నొప్పికి నేను మా మనవడికి చేసింది ఇంతే. చెయ్యి సబ్బుతో కడుక్కుని, గోరు కత్తిరించుకుని, చూపుడు వేలితో ఉబ్బిన చోట మెల్లగా రెండు నిమిషాలు రుద్దేదాన్ని. మొదట ఏడ్చేవాడు, తర్వాత వేలు తనే పట్టుకుని కొరికేవాడు. మెత్తని నూలు గుడ్డ ఉడకబెట్టి ఆరేసి, తడిపి పిండి, ఫ్రిజ్‌లో కింద అరలో పెట్టి ఇచ్చేదాన్ని. డీప్ ఫ్రీజర్‌లో వద్దు, గడ్డకట్టింది చిగురుకి గాయం చేస్తుంది. రబ్బరు టీథర్ అయితే గట్టిదై, ఒకే ముక్కగా ఉండాలి, లోపల నీళ్లున్నది వద్దు. పచ్చి క్యారెట్ ముక్క ఇవ్వకండి, విరిగి గొంతులో పడుతుంది. మెడలో పూసల దండలు అసలే వద్దు.

డాలస్
రాత్రి మరీ ఏడిస్తే ఒక డోసు పారాసిటమాల్ వేయొచ్చని మా డాక్టర్ అన్నారు. మీ అభిప్రాయం?

పిల్లల వార్డు సిస్టర్
డాక్టర్ చెప్పిన డోసులో ఒక రాత్రి వేస్తే ఫర్వాలేదు. రోజూ వేసుకుంటూ పోతే అసలు జ్వరం ఉన్నా కనపడకుండా పోతుందని నా భయం. ఈ విషయంలో డాక్టర్లే తలో మాట అంటారు.

చిన్నుగాడి అమ్మ, జగిత్యాల
ఆ సాయంత్రమే చూపించాం. నీరు కొంచెం తగ్గింది, అడ్మిట్ అక్కర్లేదు, కానీ ఆలస్యం చేసి ఉంటే సెలైన్ పెట్టాల్సి వచ్చేదన్నారు. అక్కడే కూర్చోబెట్టి నాలుగు గంటలు కొలిచి మరీ ఓఆర్ఎస్ పట్టించారు. రాత్రి తొమ్మిదింటికి డైపర్ నిండా ఉచ్చ పోశాడు, అత్తమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. జింక్ రోజుకి 20 మిల్లీగ్రాములు 14 రోజులు రాశారు, మోషన్ ఆగినా పూర్తిగా వేయమన్నారు. జ్వరానికి డ్రాప్స్ 1 మిల్లీలీటరు. యాంటీబయాటిక్ రాయలేదు, వైరస్‌లా ఉందన్నారు. రోటా వ్యాక్సిన్ మూడు డోసులూ వేయించామంటే, మంచి పని చేశారు, అయినా అన్ని వైరస్‌లనీ అది ఆపదు అన్నారు.

డాక్టర్ దగ్గరికి బయల్దేరేటప్పుడు మా ఆయన షాపులో ఓఆర్ఎస్ అడిగితే అట్టపెట్టె జ్యూస్ ఇచ్చారు. తీపి ఎక్కువ, అది మోషన్ పెంచుతుంది, వాపసు ఇచ్చేశాం. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడింది ఓఆర్ఎస్ పేరుతో అమ్మిన ఇలాంటి తీపి డ్రింకుల మీదే. 2025 అక్టోబర్‌లో మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇలాంటి డ్రింకుల మీద ఓఆర్ఎస్ అనే మాట వాడొద్దంది. ఆ మాట లేకపోయినా కౌంటర్ మీద ఇస్తున్నది మాత్రం అదే.

ఇవాళ ఐదో రోజు, మోషన్ రెండుసార్లే. పన్ను మాత్రం అక్కడే ఉంది, ఇంకా బయటికి రాలేదు. అత్తమ్మ నిన్న వేలితో తడిమి చూసి, "ఇంకా రానే లేదు, మరి అన్ని విరేచనాలు ఎందుకయినయి?" అని తనే అడిగింది.

లాస్యవాళ్ల నాన్న
బాబు కోలుకున్నందుకు సంతోషం. ఇంట్లో పెద్ద ప్యాకెట్లు రెండున్నాయి, లీటరు అని నేనూ ఇప్పటిదాకా చదవలేదు. సిస్టర్ గారూ, లీటరు అంతా ఒకేసారి కలపకుండా పొడిలో నాలుగో వంతు తీసి పావు లీటరులో కలుపుకోవచ్చా?

పిల్లల వార్డు సిస్టర్
వద్దు. పొడిలో ఉప్పు, చక్కెర అన్ని చోట్లా సమంగా ఉండవు, చెంచాతో తీస్తే లెక్క తప్పుతుంది. మిగిలింది పారబోయడానికి మనసొప్పకపోతే 200 మిల్లీలీటర్ల ప్యాకెట్లు తెచ్చుకోండి.