ప్లాన్‌లో గోడలను నల్లగా నింపాలా, గీతలుగానే వదలాలా?

నీలికాగితం: రెండు పడకగదుల ఇంటి ప్లాన్‌ను ప్రదర్శన కోసం 1:100లో ముద్రించాను. గోడలకు 0.35, సామానుకు 0.25 మిల్లీమీటర్ల గీతలు వాడాను. చూసినవారు "గోడల కంటే సోఫాయే ముందు కంటపడుతోంది" అన్నారు. గోడలను నల్లగా నింపితే సరిపోతుందా?

పెన్సిల్‌మొన: సందేహించకుండా నింపండి. 200 మిల్లీమీటర్ల గోడ కాగితం మీద 2 మిల్లీమీటర్ల నల్లటి పట్టీ అవుతుంది. గదుల ఆకారం దూరం నుంచే తెలుస్తుంది. మిగతా గీతల జోలికి వెళ్లనక్కరలేదు.

సన్నగీత: చివరి మాట ఒప్పుకోను. అసలు ఆ సోఫా ఎందుకు నల్లబడిందో చూడండి. తెచ్చిపెట్టుకున్న బ్లాకులో మెత్తల కుట్లు 20 మిల్లీమీటర్ల ఎడంతో ఉన్నాయనుకుందాం. 1:100లో ఆ ఎడం 0.2 మిల్లీమీటర్లే, మీ గీతేమో 0.25. గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ముద్దవుతాయి. గోడలు నింపినా ఆ మచ్చ పోదు. కుట్లు తీసేసి బయటి అంచు, వీపు, చేతులు, మెత్తల మధ్య ఒక్క గీత ఉంచండి, అదీ 0.18తో. వీపు ఎటుందో తెలిస్తే మనిషి ఎటు తిరిగి కూర్చుంటాడో తెలుస్తుంది. గుర్తుకు అంతకు మించిన పని లేదు.

గోడల అంచు 0.5 చేస్తే నింపకపోయినా నిలబడుతుంది. నింపాలనుకుంటే మాత్రం కోత ఎత్తు గుర్తుంచుకోండి. నేల నుంచి 1.2 మీటర్ల దగ్గర కోసిన ప్లాన్‌లో 0.9 మీటర్ల బాల్కనీ పిట్టగోడ కోతకు కిందే ఉంటుంది. దాన్నీ నల్లగా నింపితే బాల్కనీ మరో గదిలా కనిపిస్తుంది. ఈ పొరపాటు నేను చేశాను, అందుకే ఇంత పట్టుబట్టి చెబుతున్నాను.

స్కేలు: మా ఇల్లు కట్టేటప్పుడు ప్లాన్‌లో కొలతలు సరిగా లేక కిటికీ ఒకటి పక్కకు జరిగింది. దయచేసి కొలతలన్నీ వేయండి.

సన్నగీత: మీకు జరిగింది నిజంగా నష్టమే, కానీ ఆ పని నిర్మాణ చిత్రాలది. ఇక్కడ గది పేరు, దాని కింద గది పరిమాణం చాలు. అక్షరం ఎత్తు కాగితం మీద 2.5 మిల్లీమీటర్లు ఉంచి, మంచం గీతల మీద కాకుండా ఖాళీ నేల మీద రాయాలి. అక్షరాల వెనుక టైల్స్ గీతలను చెరిపేయండి.

నీలికాగితం: కుట్లు తీసి, గోడలు 0.5 చేసి మళ్లీ ముద్రించాను. చేయి చాపినంత దూరంలో పట్టుకుని కళ్లు సగం మూసి చూస్తే ముందు గోడలే కనిపిస్తున్నాయి. కానీ 1.5 మీటర్ల వెడల్పున్న స్నానాల గది కాగితం మీద 15 మిల్లీమీటర్లే. పేరు పట్టడం లేదు.

పెన్సిల్‌మొన: అంకె వేసి, పక్కన పట్టిక ఇవ్వండి.

సన్నగీత: వద్దండీ, చూసేవారి కళ్లు పట్టికకూ ప్లాన్‌కూ మధ్య తిరుగుతూనే ఉంటాయి. పేరును గోడ బయట రాసి, సన్నటి గీతతో లోపలికి చూపండి.

పెన్సిల్‌మొన: ఒక గదికైతే సరే. అలాంటివి నాలుగుంటే ప్లాన్ చుట్టూ గీతలే మిగులుతాయి. గోడల విషయంలోనూ నా మాట అదే, నింపితేనే బాగుంటుంది. పిట్టగోడను మాత్రం వదిలేద్దాం.