ఒకే ఇల్లు, మూడు చట్టాలు: కూతురికి వచ్చేదెంత?

కొత్తపేట_74: హిందువుల్లో, క్రైస్తవుల్లో కూతురికి సమానం, ముస్లింలలో సగం అని అందరూ ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. నిజంగా అంతేనా? తండ్రి సొంత సంపాదనతో ఇల్లు కొని, వీలునామా రాయకుండా పోయారనుకుందాం. ఎవరైనా అంకెలు వేసి చూపిస్తారా?

దస్తావేజు: మలక్‌పేటలో 96 లక్షల ఇల్లు అనుకోండి. అప్పుల్లేవు. భార్య, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు ఉన్నారు. పోయినాయన తల్లిదండ్రులు ముందే లేరు.

హిందువులైతే నలుగురికీ తలా 24 లక్షలు. సున్నీ ముస్లింలైతే ముందు భార్యకు ఎనిమిదో వంతు, అంటే 12 లక్షలు తీస్తారు. మిగిలిన 84ని నాలుగు పాళ్లు చేస్తే కొడుక్కి రెండు పాళ్లు 42, కూతుళ్లకు ఒక్కో పాలు, 21 లక్షల చొప్పున. క్రైస్తవులైతే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం భార్యకే మూడో వంతు, 32 లక్షలు పోతుంది. మిగతా 64 ముగ్గురు పిల్లలకూ సమానం, కూతురికి 21 లక్షల 33 వేలు.

చూశారా, అన్నతో సమానమైన క్రైస్తవ కూతురికీ, అన్నలో సగం వచ్చే ముస్లిం కూతురికీ మధ్య తేడా 33 వేలే. ఒకచోట సొమ్ము తల్లి వైపు వెళ్లింది, ఇంకోచోట అన్న వైపు.

కొత్తపేట_74: నానమ్మ బతికుంటే?

దస్తావేజు: అప్పుడు వరసే మారిపోతుంది. హిందూ చట్టంలో ఆమె కూడా సమాన వారసురాలే, కాబట్టి ఐదు వాటాలు, కూతురికి 19 లక్షల 20 వేలు. సున్నీల్లో ఆమెకు ఆరో వంతు, 16 లక్షలు. భార్య 12 కూడా పోను 68 మిగులుతాయి, కూతురికి 17. క్రైస్తవుల్లో పిల్లలుంటే నానమ్మకు ఏమీ రాదు. అందుకే ముగ్గురు కూతుళ్లలో ఎక్కువ వచ్చేది అక్కడే.

ఉప్పల్‌వాసి: హిందూ లెక్క తప్పండి. కూతురికి హక్కు వచ్చిందే 2005లో. తండ్రి 2003లో పోయుంటే ఆమెకేమీ రాదు.

దస్తావేజు: మీరు చెప్పేది పిత్రార్జితం సంగతి. స్వార్జితంలో కూతురికి 1956 నుంచే కొడుకుతో సమాన వాటా ఉంది. ఇక పిత్రార్జితంలోనూ మీ మాట నిలవదు. కూతురిది పుట్టుకతో వచ్చిన హక్కనీ, 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికుండాల్సిన పనిలేదనీ 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు పత్రంతోనో కోర్టు డిక్రీతోనో పంపకం జరిగిపోతే మాత్రం దాన్ని తిరగదోడలేరు.

ఉప్పల్‌వాసి: సరే. మరి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్లో చెల్లెలి పేరు లేకపోతే వాటా లేనట్టే కదా?

దస్తావేజు: కాదండి. వాటా తేల్చేది ఆ కాగితం కాదు. మున్సిపల్ పన్ను రికార్డులో అన్న పేరు ఎక్కినా ఇల్లు ఆయన ఒక్కడిది అయిపోదు. తకరారు ఎక్కువగా ఇక్కడే: పన్ను రసీదు చూసి కొన్నవాళ్ల మీద తర్వాత చెల్లెలు దావా వేస్తుంది.

టోలిచౌకి_అబ్బా: భాయ్, మాకు ఇద్దరూ ఆడపిల్లలే. సున్నీలం. నా తమ్ముడున్నాడు. నా తర్వాత ఇల్లు వాళ్లకే కదా?

దస్తావేజు: పూర్తిగా కాదు భాయ్. అదే 96 లక్షలతో చూడండి. కొడుకు లేనప్పుడు ఇద్దరు కూతుళ్లకూ కలిపి మూడింట రెండు వంతులు, తలా 32. మీ బేగంకు 12. మిగిలిన 20 లక్షలు మీ తమ్ముడికి. విచిత్రమేమిటంటే హిందూ, క్రైస్తవ కుటుంబాల్లోనూ ఇలాంటి కూతురికి వచ్చేది 32 లక్షలే. అక్కడ తల్లికి కూడా 32 వస్తుంది. అంటే మీ తమ్ముడి దగ్గరికి వెళ్లే 20 లక్షలు తల్లి వాటాలోంచి తగ్గినవే. షియాలైతే తమ్ముడికేమీ లేదు, కూతుళ్లకు 42 చొప్పున.

టోలిచౌకి_అబ్బా: వసీయత్ రాస్తే?

దస్తావేజు: వీలునామాతో రాసేది ఆస్తిలో మూడో వంతు దాటకూడదు. పైగా వారసులకే రాస్తే, మీ తర్వాత మిగతా వారసులు ఒప్పుకోవాలి, అందులో తమ్ముడూ ఉంటాడు. అందుకే చాలామంది బతికుండగానే హిబా, అంటే దానం చేస్తారు. దానికి ఇస్తున్నానని చెప్పడం, వాళ్లు తీసుకోవడం, స్వాధీనం ఇచ్చేయడం, మూడూ కావాలి. మూడోదాని దగ్గరే దెబ్బతింటారు. పత్రం రిజిస్టరు చేయించి, పై పోర్షన్ అద్దె మాత్రం మీ ఖాతాలోనే వేయించుకుంటుంటే, రేపు మీ తమ్ముడి వకీలు మొదట బయటపెట్టేది ఆ బ్యాంకు స్టేట్‌మెంటే. రిజిస్ట్రేషన్ ఆ లోపాన్ని పూడ్చదు. అద్దె ఒప్పందం, పన్ను, కరెంటు మీటరు పిల్లల పేరుకు మార్చేయండి.

పాతబస్తీ_రీడర్: హిబా చేస్తే ఇల్లు పోయినట్టే, తర్వాత పిల్లలు బయటికి పొమ్మంటే? స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద నమోదు చేసుకోవడం నయం. అప్పుడు 1925 చట్టమే వర్తిస్తుంది. కేరళలో 2023లో ఒక జంట కూతుళ్ల కోసం అదే చేసింది.

దస్తావేజు: సెక్షన్ 21 ప్రకారం అవును. దంపతులిద్దరూ హిందువులైతే మాత్రం హిందూ చట్టమే. కానీ ముందే నికా అయినవాళ్లు తర్వాత నమోదు చేసుకుంటే, తమ్ముళ్లు దాన్ని సవాలు చేయకుండా ఊరుకుంటారని నేననుకోను.

పాతబస్తీ_రీడర్: నమోదైన పెళ్లి ఆ చట్టం కిందే జరిగినట్టు లెక్క అని అందులోనే ఉంది కదా. ఇంకేం సవాలు చేస్తారు?

టోలిచౌకి_అబ్బా: మీరిద్దరూ తేల్చుకునేలోపు అద్దె ఒప్పందం పెద్దమ్మాయి పేరుకు మారుస్తాను. కిరాయిదారు పాత ఒప్పందం ఇంకా 4 నెలలు ఉంది, ఇప్పుడే మార్చొచ్చా?