యాప్‌లో 10.7, నా షీట్‌లో 13.8: XIRR లెక్కలో తప్పెక్కడ జరిగింది?

పెన్షన్ పద్దు

నమస్కారం. ఒకే మ్యూచువల్ ఫండ్‌లో చేతిలో డబ్బు ఆడినప్పుడల్లా కొంత వేస్తూ వచ్చాను. మధ్యలో ఇంటి స్లాబు కారుతుంటే రిపేరుకు 40 వేలు తీశాను. డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి గూగుల్ షీట్ ఒకటి తయారుచేసి పంపాడు, నేను అంకెలు నింపాను. చివరి వరుసలోది ఆ రోజున ఫండ్‌లో ఉన్న విలువ.

```
10/04/2022    -100000
15-Nov-2022    -50000
20-Jun-2023     40000
08/01/2024     -75000
31-Dec-2024    230000

=XIRR(B2:B6, A2:A6)
```

ముందు #VALUE! అని వచ్చింది. కొన్ని తేదీలు గడిలో ఎడమ వైపుకి అంటుకుని కనిపిస్తే వాటిని మళ్లీ టైప్ చేశాను, ఎర్రర్ పోయింది. ఇప్పుడు ఏడాదికి 13.8 శాతం రాబడి అని చూపిస్తోంది. అదే రోజుకి ఫండ్ యాప్‌లో మాత్రం 10.7 ఉంది. ఏది నమ్మాలి?

కొత్త లెడ్జరు

రెండూ నమ్మకండి సార్. మీరు వేసింది 2,25,000. తీసింది, మిగిలింది కలిపితే 2,70,000. లాభం 45,000, అంటే 20 శాతం. సుమారు 2.73 ఏళ్లు కాబట్టి ఏడాదికి 7.3. చేత్తో వేసిన లెక్క ఇదే. మిగతావన్నీ అంకెల గారడీ.

మాస్టారు

లాభం 45,000 అన్నది సరే. దాన్ని ఏళ్లతో భాగించడం దగ్గరే తేడా వచ్చింది. అలా భాగిస్తే మొత్తం 2,25,000 మొదటి రోజు నుంచీ అక్కడే పనిచేసినట్టు అవుతుంది. చివరి 75 వేలు అందులో ఉన్నది ఏడాది కూడా కాదు. తీసిన 40 వేలేమో ఏడాదిన్నర ముందే బయటికి వచ్చేసింది. ఏ రూపాయి ఎన్ని రోజులు ఉందో విడివిడిగా చూడటానికే XIRR.

పెన్షన్ పద్దు గారూ, మైనస్‌లు, ప్లస్‌లు మీరు సరిగ్గానే పెట్టారు. జేబులోంచి పోయింది మైనస్, జేబులోకి వచ్చేది ప్లస్, ఈ రోజు విలువ మొత్తం తీసేసుకున్నట్టు ప్లస్. నాకు అనుమానమంతా తేదీల మీదే. మూడింట్లో నెల పేరు ఉంది, రెండింట్లో అంకెలే ఉన్నాయి. ఖాళీ గడిలో ఇది వేసి ఏం వచ్చిందో చెప్పండి.

```
=TEXT(A2,"dd-mmm-yyyy")
```

సండే ఇన్వెస్టర్

ఇంత దూరం ఎందుకండీ, మూడో విలువగా గెస్ ఇవ్వండి చాలు. నాకు ఒకసారి #NUM! వస్తే అలాగే పోయింది.

మాస్టారు

గెస్ అంటే వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పడమే. సమాధానం దొరకక #NUM! వచ్చినప్పుడు పనికొస్తుంది. ఈయన షీట్‌లో సమాధానం దొరికింది, అది తప్పు తేదీలకి దొరికిన సరైన సమాధానం. ఎక్కడ మొదలుపెట్టినా 13.8 దగ్గరికే వస్తుంది.

పెన్షన్ పద్దు

మీరు చెప్పింది వేశాను. 04-Oct-2022 అని వచ్చింది! నేను వేసింది ఏప్రిల్ 10న కదా. రెండోదానికి వేస్తే 01-Aug-2024. అది జనవరి 8.

మాస్టారు

అనుకున్నాను. షీట్ అమెరికాలో తయారైంది కాబట్టి అది ముందు నెల, తర్వాత రోజు చదువుతుంది. 15/11/2022 అని కొట్టారు, 15వ నెల ఉండదు కాబట్టి దాన్ని తేదీగా ఒప్పుకోక ఉత్త అక్షరాలుగా వదిలేసింది. అందుకే ఎడమ వైపు నిలబడింది, అందుకే #VALUE! వచ్చింది. ఆ మూడూ మీ కంటపడ్డాయి, దిద్దారు. 10/04 మాత్రం రెండు రకాలుగానూ చెల్లుతుంది. కుడి వైపు బుద్ధిగా కూర్చుని అక్టోబరు 4 అయిపోయింది. ఎర్రర్ చూపించే తప్పు మంచిదండీ, ఇలా మాట్లాడకుండా ఉండేదే ముంచుతుంది.

శాతం ఎందుకు పెరిగిందంటే, మొదటి లక్ష వచ్చింది 177 రోజులు ఆలస్యంగా అని, 75 వేలు 206 రోజులు ఆలస్యంగా అని షీట్ అనుకుంది. లాభం అంతే, డబ్బు పనిచేసిన రోజులు తగ్గాయి. ఇక రేటు పైకి పోక ఏం చేస్తుంది?

File మెనూలో Settings తెరిచి Locale దగ్గర India ఎంచుకోండి. అయితే ఇప్పటికే నమోదైన అక్టోబరు 4 దానంతట అది ఏప్రిల్ 10 అయిపోదు. ఆ రెండు గడులూ మీరే మళ్లీ నింపాలి. నేనైతే ఏ దేశం షీట్ అయినా తికమక పడకుండా ఇలా రాస్తాను.

```
=DATE(2022,4,10)
```

పెన్షన్ పద్దు

దిద్దాను. 10.7కి దిగింది, యాప్‌తో కలిసింది. 13.8 చూసి నిన్న రాత్రి మా ఆవిడ దగ్గర గొప్పలు కూడా పోయాను. సరే, ఇది నిజమేనని యాప్ లేకుండా నాకు నేనే చూసుకునే దారి ఉందా?

మాస్టారు

ఉంది. XIRR ఫలితం D1లో ఉందనుకోండి. C2లో ఇది వేసి C5 దాకా కిందికి లాగండి.

```
=-B2*(1+$D$1)^(($A$6-A2)/365)
```

ఒక్కో మొత్తం ఆ రేటుతో చివరి రోజుకి ఎంత అయ్యేదో అక్కడ కనిపిస్తుంది. మీ లక్ష సుమారు 1,31,800, యాభై వేలు 62,000, డెబ్బై అయిదు వేలు 82,800. తీసిన 40 వేలు అలాగే ఉండి ఉంటే 46,700 అయ్యేది, అది మైనస్. కూడితే 2,30,000కి ఓ వంద అటూ ఇటూ వస్తుంది, ఆ తేడా నేను అంకెలు కుదించినందుకు. షీట్‌లో ఖచ్చితంగా కలవాలి. అయితే ఒకటి, తేదీ తప్పుగా ఉన్నా ఈ లెక్క కలిసిపోతుంది. అందుకని తేదీలు స్టేట్‌మెంట్ పక్కన పెట్టుకుని చూడాల్సిందే.

కొత్త లెడ్జరు

ఇంతకీ ఆ 2,30,000లో ఎగ్జిట్ లోడ్, పన్ను తీసేయాలి కదా? చేతికి వచ్చేది అది కాదుగా.

సండే ఇన్వెస్టర్

అమ్మనిదానికి పన్నేంటండీ. ఫండ్ ఎలా పనిచేసిందో చూడాలంటే ఉన్న విలువే పెట్టాలి.

కొత్త లెడ్జరు

నాకు ఫండ్ సంగతెందుకు, నా జేబు సంగతి కావాలి. నేను తీసేసే పెడతాను.

చీటీల సుబ్బు

మధ్యలో దూరుతున్నాను, ఏమనుకోకండి. నాది లక్ష రూపాయల చీటీ, 20 నెలలు. 8వ నెలలో పాడుకుంటే 78,000 చేతికి వచ్చింది. చివరిదాకా ఆగితే 95,000 వచ్చేది. కట్టినవన్నీ మైనస్, ఎత్తింది ప్లస్ పెట్టి XIRR వేస్తే ఒకసారి #NUM!, గెస్ మారిస్తే ఒక్కోసారి ఒక్కో అంకె. నా షీట్‌లోనూ తేదీలే తప్పా?

మాస్టారు

మీది వేరే జబ్బు సుబ్బు గారూ. మీ వరుసలో ముందు మైనస్‌లు, మధ్యలో ఒక ప్లస్, మళ్లీ మైనస్‌లు. గుర్తు రెండుసార్లు మారితే లెక్కకి రెండు సమాధానాలు ఉండొచ్చు, అసలు లేకపోనూవచ్చు. ఎనిమిది నెలలు మీరు దాచుకున్నారు, తర్వాత అప్పు తీర్చారు. రెండిటికీ కలిపి ఒకే శాతం అడిగితే అదేం చెబుతుంది?

ముందే ఎత్తినా, ఆగి ఎత్తినా కట్టే వాయిదాలు ఒకటే కదా. వాటిని పక్కన పెట్టేయండి. మిగిలేది 8వ నెలలో వచ్చిన 78,000, దానికోసం 20వ నెలలో వదులుకున్న 95,000. రెండే వరుసలు, మధ్యలో సరిగ్గా ఏడాది. 21.8 శాతం. తొందరగా ఎత్తినందుకు మీకు పడ్డ వడ్డీ అది.

చీటీల సుబ్బు

21.8 ఆ! అప్పట్లో ఫైనాన్స్ వాడు నూటికి రెండు అడిగితే మొహం మీదే తిట్టి వచ్చాను. రూపాయిన్నర కంటే ఎక్కువే పడిందన్నమాట. అది సరే, నాకు వాయిదాలు ముందే కడితే కొంత తగ్గించేవారు, అందుకని అందరిలా కట్టలేదు నేను. అప్పుడు వాటిని పక్కన పెట్టొచ్చా? పాస్‌బుక్కు ఊళ్లో ఉంది, పండక్కి వెళ్లినప్పుడు తేదీలు తెచ్చి అడుగుతాను.